ఒక్క అంకె తేడాలో పక్కవాళ్ల కాగితం

మన దగ్గర ఇల్లు కొనేవాళ్లు ఈసీ తీయించి, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, ఆ పైన భారం దేవుడి మీద వేస్తారు. అమెరికాలో ఆ పరిశీలన అంతా టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ చేస్తుంది. రేపెవరైనా వచ్చి ఆ ఇంటి మీద హక్కు మాదంటే ఆ నష్టం మేం చూసుకుంటామని పాలసీ కూడా రాసిస్తుంది. అక్కడ ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది ఏదో ఒక టైటిల్ కంపెనీ ముందు కట్టలకొద్దీ సంతకాలు పెట్టే ఉంటారు. అందుకోసం కొనేవాళ్లవీ అమ్మేవాళ్లవీ బ్యాంకు ఖాతా నంబర్లు, పన్ను కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సు ఫొటోలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, డబ్బు పంపిన రసీదులు అన్నీ ఆ కంపెనీ దగ్గర పోగుపడతాయి. ఆ రంగంలోని పెద్ద సంస్థల్లో ఒకటి, కాలిఫోర్నియాలోని ఫస్ట్ అమెరికన్.

2019 మే 24న సైబర్ భద్రత మీద రాసే పాత్రికేయుడు బ్రయాన్ క్రెబ్స్ ఆ కంపెనీ గురించి ఒక కథనం బయటపెట్టాడు. కంపెనీ తన ఖాతాదారులకు ఈమెయిల్‌లో పంపే లింకుల్లో తొమ్మిది అంకెల పత్రం సంఖ్య ఒకటి ఉండేది. లింకు నొక్కితే మీ పత్రం తెరుచుకుంటుంది. ఆ సంఖ్యలో చివరి అంకెను ఒకటి పెంచినా, తగ్గించినా ఇంకెవరిదో పత్రం తెరుచుకునేది. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. వెనక్కి వెనక్కి వెళితే 2003 నాటి లావాదేవీల దాకా కాగితాలు దొరికాయి. అలా అందుబాటులో ఉన్న పత్రాలు దాదాపు 88 కోట్ల 50 లక్షలు. అది పత్రాల లెక్కే, మనుషుల లెక్క కాదు. అన్నీ ఎవరో చదివేశారని కూడా దాని అర్థం కాదు. కానీ చదవాలనుకున్నవాడికి అడ్డు లేదు.

దీన్ని చాలామంది హ్యాకింగ్ అనేస్తారు. నాకు ఆ మాట ఇక్కడ నప్పదనిపిస్తుంది. ఎవరూ తాళం పగలగొట్టలేదు, ఎవరి పాస్‌వర్డూ దొంగిలించలేదు. బ్రౌజరు పైభాగంలో అందరికీ కనిపించే చిరునామా పట్టీలో ఒక అంకె మార్చారు, సర్వరు అడిగింది ఇచ్చేసింది. అసలు ఎందుకు ఇచ్చేసిందన్నదే ఇక్కడ తెలుసుకోవాల్సింది.

వెబ్ చిరునామా అంటే నిజానికి ఒక అర్జీ. ఉదాహరణకు ఒక రోగ నిర్ధారణ ల్యాబ్ ఉందనుకుందాం. అది పూర్తిగా ఊహే. ఒకావిడ థైరాయిడ్ పరీక్ష చేయించుకుంది. సాయంత్రానికి ఫోనుకు సందేశం వచ్చింది. లింకు నొక్కి, ఫోన్ నంబరు కొట్టి, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లింది. రిపోర్టు తెరవగానే పైన ఇలా కనిపించింది.

```
https://lab.example/report?id=48213
```

మొదటి భాగం ఏ సర్వరును అడగాలో చెబుతుంది. `report` అన్నది ఏ పని కావాలో చెబుతుంది. చివర ఉన్న `id=48213` ఏ రిపోర్టు కావాలో చెబుతుంది. ల్యాబ్ డేటాబేస్‌లో రిపోర్టులన్నీ ఒక పెద్ద పట్టికలో వరుసలుగా ఉంటాయి. కొత్త వరుస చేరిన ప్రతిసారీ డేటాబేస్ దానికి తర్వాతి సంఖ్య ఇచ్చుకుంటూ పోతుంది. ఆవిడది 48213 అయితే, ఆమె తర్వాత రక్తం ఇచ్చిన మనిషిది 48214 అయ్యే అవకాశం ఎక్కువ. ఇందులో తప్పేమీ లేదు. లక్షల రిపోర్టుల్లో ఒకదాన్ని పిలవాలంటే దానికి ఏదో ఒక పేరు ఉండాలి, సంఖ్య కంటే తేలికైన పేరు లేదు.

ఇక సర్వరు వైపు చూద్దాం. ఆవిడ ఓటీపీ ఇచ్చినప్పుడు సర్వరు ఆమెను గుర్తుపట్టి, ఈమె 771వ నంబరు ఖాతాదారు అని తన దగ్గర రాసుకుంది. ఆ గుర్తును ఒక కుకీగా ఆమె బ్రౌజరుకు ఇచ్చింది. ఆ తర్వాత ఆమె నొక్కే ప్రతి లింకుతో పాటు ఆ కుకీ కూడా వెళ్తుంది. అంటే అడుగుతున్నది ఎవరో సర్వరుకు తెలుసు. ఏం అడుగుతున్నారో కూడా తెలుసు. ప్రోగ్రామరు రాసిన ఆదేశం మాత్రం ఇలా ఉంది.

```
SELECT * FROM reports
WHERE id = 48213
```

రిపోర్టుల పట్టికలో 48213వ వరుస తీసుకురా, అంతే. ఎవరి కోసం అన్న ఊసే ఇందులో లేదు. ఆవిడ 48214 అని మారిస్తే సర్వరు 48214వ వరుస తెచ్చి చూపిస్తుంది. అడుగుతున్నది 771 అన్న సంగతి పక్కనే ఉన్నా, ఆ రెండు ముక్కలనూ కలిపి చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. కంప్యూటర్ చెప్పిన పని చేస్తుంది, చెప్పని పని చెయ్యదు.

లాగిన్ పెడితే సరిపోతుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది. ఫస్ట్ అమెరికన్ లింకులకు లాగినే లేదు కాబట్టి ఆ సంగతి సులువుగా బోధపడుతుంది. సిటీ బ్యాంకు ఉదంతం అలాంటిది కాదు. 2011లో ఆ బ్యాంకు అమెరికా క్రెడిట్ కార్డు వెబ్‌సైటులోకి కొందరు సక్రమంగానే, చెల్లుబాటయ్యే ఖాతాతోనే లాగిన్ అయ్యారు. లోపలికి వెళ్లాక చిరునామాలో ఉన్న ఖాతా సంఖ్య తీసి వేరే సంఖ్య పెట్టారు. ఆ వేరే మనిషి పేరు, ఖాతా నంబరు, ఈమెయిలు తెర మీదకు వచ్చాయి. చేత్తో ఎన్నని మారుస్తారు? ఆ పనికి చిన్న ప్రోగ్రాము రాసి వదిలారు. బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం 3,60,083 ఖాతాల వివరాలు బయటికి పోయాయి, దాదాపు 27 లక్షల డాలర్ల నష్టం జరిగింది. లాగిన్ తన పని తాను చేసింది. వచ్చినవాడు ఖాతాదారుడే అని నిర్ధారించింది. రైలు టికెట్ ఉన్నంత మాత్రాన ఎవరి బెర్తు మీదైనా పడుకోవచ్చని కాదు కదా. టికెట్ చూసి బోగీ ఎక్కనిచ్చారు, ఇది నీ బెర్తేనా అని అడిగే టీసీ మాత్రం ఆ రైల్లో లేడు.

ఈ రకం లోపానికి భద్రతా నిపుణులు చాలా ఏళ్లుగా ఐడార్ అనే పొట్టి పేరు వాడుతున్నారు. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ అనే సంస్థ ఇచ్చే పది ప్రధాన ప్రమాదాల జాబితాలో ఇది 2007లోనే సొంత పేరుతో ఉంది. 2021 జాబితాలో దీన్ని కలుపుకున్న అనుమతి లోపాల వర్గం మొదటి స్థానానికి ఎక్కింది. ఇంత పాత, ఇంత తేలికైన తప్పు ఇంకా ఎందుకు జరుగుతోందన్న ప్రశ్నకు జవాబు, దాని మందులోనే కొంత దొరుకుతుంది.

మందు చూడ్డానికి చిన్నదే. అదే ఆదేశానికి ఇంకో మాట కలపాలి.

```
SELECT * FROM reports
WHERE id = 48213
  AND patient_id = 771
```

48213వ రిపోర్టు తీసుకురా, కానీ అది 771వ ఖాతాదారుది అయితేనే. ఇప్పుడు ఆవిడ 48214 అని మార్చినా, ఆ వరుస 771ది కాదు కాబట్టి డేటాబేస్ ఏమీ తేలేదు. సర్వరు 404 అని, అంటే అలాంటిదేమీ లేదని జవాబిస్తుంది. 403 అని, అంటే ఉంది గానీ నీకు అనుమతి లేదని కూడా చెప్పొచ్చు. కానీ అలా చెబితే ఆ సంఖ్యతో ఒక రిపోర్టు ఉందన్న సమాచారమైనా బయటికి పోతుంది. ప్రోగ్రాములు భద్రపరచుకునే గిట్‌హబ్ లాంటి చోట్ల ఇతరుల రహస్య ప్రాజెక్టును అడిగితే 404 రావడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ 771 ఎక్కడి నుంచి రావాలి? కొందరు ప్రోగ్రామర్లు తనిఖీ పెట్టామనుకుని చిరునామాను `report?id=48213&patient=771` అని మారుస్తారు. రెండూ సరిపోలితేనే రిపోర్టు ఇస్తారు. ఆ రెండో సంఖ్య కూడా అడిగేవాడి చేతిలోనే ఉందని మరిచిపోతారు. 48214 ఎవరిదో తెలుసుకుని లేదా వరసగా ప్రయత్నించి రెండూ మారిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అడుగుతున్నది ఎవరన్న సంగతి సర్వరు తాను లాగిన్ వేళ రాసుకున్న చోటు నుంచే తీసుకోవాలి. ఏం కావాలో అడిగేవాడు చెప్పొచ్చు, తానెవరో మాత్రం చిరునామాలో చెప్పనివ్వకూడదు.

నిజమైన ల్యాబులో మాత్రం ఈ ఒక్క వాక్యంతో పని జరగదు. ఆవిడ రిపోర్టును రాసిన డాక్టరు చూడాలి. కంటి చూపు తగ్గిన తల్లి రిపోర్టును కొడుకు తన ఫోనులో చూస్తాడు. కౌంటరులో ఉన్నాయన తన బ్రాంచివి చూడొచ్చు, పక్క ఊరి బ్రాంచివి చూడాల్సిన పని లేదు. నమూనా పరీక్షించిన టెక్నీషియను ఫలితం రాయొచ్చు, పైన డాక్టరు సంతకం పడ్డాక దాన్ని మార్చకూడదు. ఇవన్నీ ఆ ల్యాబు సొంత నియమాలు. ఏ రిపోర్టును ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అన్నది ముందు మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. అది తేలకుండా ప్రోగ్రాము రాయడం మొదలైతే, ప్రతి ప్రోగ్రామరూ తనకు తోచింది రాస్తాడు, తోచకపోతే వదిలేస్తాడు.

వదిలేసే చోట్లు ఎక్కడుంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. తెర మీద రిపోర్టు చూపించే పేజీలో తనిఖీ ఉంటుంది. పక్కనే పీడీఎఫ్ దించుకోండి అన్న బటను ఉంటుంది. అది ఆరు నెలల తర్వాత వేరే ప్రోగ్రామరు చేర్చింది. అక్కడ తనిఖీ ఉండదు. మొబైల్ యాప్‌లో చిరునామా పట్టీ కనిపించదు కాబట్టి అక్కడ ఎవరూ మార్చలేరని ఇంకొకరు అనుకుంటారు. యాప్ కూడా లోపల్లోపల అలాంటి అర్జీలే పంపుతుంది. తన ఫోను నుంచి వెళ్లే ఆ అర్జీని మధ్యలో ఆపి, చదివి, మార్చి పంపే ఉపకరణాలు ఉచితంగా దొరుకుతాయి. చూడటానికి తనిఖీ పెట్టి, అపాయింట్‌మెంట్ రద్దుకు పెట్టనివాళ్లూ ఉన్నారు. అప్పుడు ఒకరి అపాయింట్‌మెంట్‌ను ఇంకొకరు రద్దు చేయొచ్చు. ఒక్క చిన్న సైటులోనే ఇలాంటి తలుపులు వందల్లో ఉంటాయి, ఒక్కటి మరిచినా చాలు. అందుకే అనుభవం ఉన్న బృందాలు ప్రతి పేజీలో ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకుని రాసే పద్ధతి మానుకుని, తనిఖీ మొత్తాన్ని ఒకేచోట పెడతాయి. ఏ అర్జీ అయినా ఆ చోటును దాటే వెళ్లాలి. ఫలానా వారికి అనుమతి ఉందని స్పష్టంగా రాసి ఉంటే తప్ప, జవాబు లేదనే వస్తుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేసులు 2016 నుంచి ఈ నియమాన్ని నేరుగా పట్టికకే తగిలించే సదుపాయం ఇస్తున్నాయి. అలా తగిలిస్తే ప్రోగ్రామరు `patient_id` మాట మరిచినా, డేటాబేస్ మరవదు.

ఇంత తిప్పలెందుకు, వరస సంఖ్యలు మానేసి ఎవరూ ఊహించలేని పొడుగాటి సంఖ్య పెడితే పోదా అని తెలివైన పాఠకులకు తోచి ఉంటుంది. చాలా కంపెనీలకూ తోచింది. అలా వాడేదాన్ని యూయూఐడీ అంటారు. 36 అక్షరాలతో, అంకెలూ ఆంగ్ల అక్షరాలూ కలగలిపి ఉంటుంది. యాదృచ్ఛికంగా తయారుచేసినదైతే దాన్ని ఊహించడం ఆచరణలో అసాధ్యం. ఫస్ట్ అమెరికన్ లింకుల్లో ఇదే ఉండి ఉంటే అంకె పెంచుతూ పోవడం కుదిరేది కాదు. కాబట్టి పెట్టడం మంచిదే. కానీ ఊహించలేకపోవడం వేరు, అనుమతి లేకపోవడం వేరు. ఆ పొడుగాటి చిరునామాను ఆవిడ కుటుంబ వాట్సాప్ గ్రూపులో పంపుతుంది. ఇంటర్నెట్ సెంటరు కంప్యూటరు హిస్టరీలో అది మిగిలిపోతుంది. వేరే ఉద్యోగి పేజీలో, ఆ సైటే పంపే ఇంకో జవాబులో అది బయటపడుతుంది. ఒకసారి బయటపడ్డాక తనిఖీ లేని సర్వరు దాన్ని ఎవరు తెచ్చినా తలుపు తీస్తుంది.

పైగా కొన్ని సంఖ్యలు పుట్టుకతోనే రహస్యాలు కావు. మన పాన్ నంబరు అద్దె ఒప్పందంలో ఉంటుంది, ఆఫీసు హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది, నగల దుకాణం బిల్లు పుస్తకంలో ఉంటుంది. 2025 సెప్టెంబరులో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో సరిగ్గా ఈ లోపమే చూశారు. తమ పాన్‌తో లాగిన్ అయ్యి, పేజీ తెరుచుకునేటప్పుడు బ్రౌజరు పంపే అర్జీలో తమ పాన్ తీసి వేరొకరి పాన్ పెడితే, ఆ మనిషి పేరు, చిరునామా, ఫోను, బ్యాంకు వివరాలు వచ్చాయి. వాళ్లు అధికారులకు చెప్పారు, అక్టోబరు మొదట్లో దాన్ని సరిచేశారు. పాన్‌లో పది అక్షరాలు, అంకెలు ఉంటాయి. దాన్ని ముప్ఫై ఆరు చేసినా ఇక్కడ ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అది నలుగురికీ తెలిసిన సంఖ్యే.

ఈ లోపాన్ని పట్టుకోవడంలో ఉన్న చిక్కు వేరు. మామూలుగా ప్రోగ్రాము తప్పు చేస్తే ఎక్కడో ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి, పేజీ ఆగిపోతుంది, ఎవరో ఫిర్యాదు చేస్తారు. ఇక్కడ ఏదీ ఆగదు. పరాయి రిపోర్టు ఇచ్చినప్పుడు కూడా సర్వరు తన చిట్టాలో 200 అని, అంటే పని సవ్యంగా జరిగిందని రాసుకుంటుంది. సైటును దానంతటదే జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్లకూ ఇది సరిగా చిక్కదు. 48214వ రిపోర్టు 771కి చెందదన్న సంగతి ఆ ల్యాబుకు తెలుసు గానీ బయటి యంత్రానికి ఎలా తెలుస్తుంది?

అందుకే పరీక్షించేవాళ్లు పాత పద్ధతినే నమ్ముతారు. రెండు ఖాతాలు తెరుస్తారు, రెండూ తమవే. మొదటి ఖాతాతో రిపోర్టు తెరిచి, దించుకుని, మార్చి, రద్దు చేసి, ఆ దారిలో వెళ్లిన అర్జీలన్నీ రాసిపెట్టుకుంటారు. తర్వాత రెండో ఖాతా కుకీతో అవే అర్జీలను అవే సంఖ్యలతో మళ్లీ పంపుతారు. ఒక్కదానికైనా మొదటి ఖాతా సమాచారం తిరిగొస్తే లోపం దొరికినట్టే. ఆ పైన కుకీ లేకుండా మూడోసారి పంపుతారు, ఫస్ట్ అమెరికన్ లాంటి తప్పు అక్కడ బయటపడుతుంది. ఈ పని ఒకసారి చేసి ఊరుకోకుండా, కొత్త బటను చేరిన ప్రతిసారీ ఈ పరీక్ష దానంతటదే నడిచేలా ప్రోగ్రాములోనే రాసిపెట్టుకోవడం మంచి బృందాల అలవాటు. ఇప్పటికే ఎవరైనా లోపలికి తొంగిచూశారా అని తెలియాలంటే చిట్టాలు తిరగెయ్యాలి. మామూలు రోగి తన రెండు మూడు రిపోర్టులు చూసుకుంటాడు. ఒకే ఖాతా పావుగంటలో 48000 నుంచి 52000 దాకా వరసగా అడిగి ఉంటే, అది రోగి కాదు.

ఫస్ట్ అమెరికన్‌కు పరీక్షలు చేసే మనుషులు లేక కాదు. అక్కడ ఆ లోపం 2014లో ప్రోగ్రాము మార్పుతో వచ్చింది. 2019 జనవరిలో కంపెనీ సొంత భద్రతా సిబ్బందే దాన్ని పట్టుకుని నివేదిక రాశారు. కానీ రికార్డుల్లోకి ఎక్కేటప్పుడు దాని తీవ్రత తగ్గిపోయి నమోదైంది, సరిచెయ్యాల్సిన పని వెనక్కి జరిగింది, మేలో పాత్రికేయుడు ఫోను చేసేదాకా అది అలాగే ఉంది. అప్పుడు పత్రికలకు ప్రకటన ఇచ్చిన పై అధికారులకు జనవరి నివేదిక సంగతే తెలియదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ తేల్చింది. 2021లో ఆ సంస్థకు కంపెనీ 4,87,616 డాలర్లు కట్టింది. 2023లో న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సేవల శాఖకు మరో 10 లక్షల డాలర్లు కట్టింది. ఏటా వందల కోట్ల డాలర్ల వ్యాపారం చేసే కంపెనీకి ఇదొక శిక్షా అని మీరు అడగొచ్చు. నాకూ అదే సందేహం. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చంటోంది. అది ఎవరి మీద ఎలా పడుతుందో చూడాలి.

ఇంత చదివాక చాలామంది చేతివేళ్లు ఏదో ఒక చిరునామాలో అంకె మార్చి చూడాలని ఉబలాటపడతాయి. ఆ పని చెయ్యకండి. మన ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు అనుమతి లేకుండా కంప్యూటర్లోని సమాచారం తీసుకోవడాన్ని నేరంగా చూస్తాయి. దురుద్దేశం రుజువైతే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. అంకె మార్చడం అంత తేలిక అన్నది వాదనగా ఎంతవరకు నిలుస్తుందో కోర్టును బట్టి ఉంటుంది. అమెరికాలో ఏటీ అండ్ టీ సర్వరును ఇలాగే వరస సంఖ్యలతో అడిగి లక్షా పద్నాలుగు వేల ఐప్యాడ్ వినియోగదారుల ఈమెయిళ్లు తీసిన కేసులో, 2013లో ఒకరికి 41 నెలల జైలు శిక్ష పడింది. మరుసటి ఏడాది పై కోర్టు దాన్ని కొట్టేసింది గానీ, చేసింది నేరం కాదని కాదు, కేసు విచారించిన చోటు సరైంది కాదని.

మీరేమీ మార్చకుండానే మీ తెర మీద ఇంకొకరి రిపోర్టు కనబడితే అక్కడే ఆగండి. తర్వాతి సంఖ్య కూడా వస్తుందేమో చూద్దామన్న ప్రయత్నం వద్దు. ఆ పేజీని దించుకోవద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు. ఏ రోజు, ఏ సమయంలో, ఏ లింకు నొక్కితే వచ్చిందో రాసిపెట్టుకుని ఆ సంస్థకు ఈమెయిలు చెయ్యండి. జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఉంది.

కెనడాలోని నోవా స్కోషియాలో 2018 ఏప్రిల్‌లో పోలీసులు ఒక 19 ఏళ్ల కుర్రాడి ఇంటి మీద పడ్డారు. ప్రభుత్వ సమాచార హక్కు పోర్టల్‌లో చిరునామా చివర సంఖ్య పెంచుతూ దాదాపు ఏడు వేల పత్రాలు దించుకున్నాడన్నది అతని మీద అభియోగం. అవన్నీ ప్రజలకు విడుదల చేసినవే అనుకున్నాడతను. వాటిలో సుమారు 250 పత్రాల్లో జనం సొంత వివరాలున్నాయి. పోర్టల్‌లో వాటికీ, మిగతావాటికీ మధ్య ఏ తనిఖీ లేదు. మే నెలలో పోలీసులు నేరారోపణకు ఆధారం లేదని కేసు వదిలేశారు.